కలుద్దామంటే మాయం, ఊరుకుంటే ప్రత్యక్షం: ఈ చాట్‌ను ఎలా చదవాలి?

నీలిగన్నేరు · సోమవారం రాత్రి 10.20

ఒక డేటింగ్ యాప్‌లో ఏడు వారాల క్రితం ఒకతనితో మ్యాచ్ అయింది. నాకు 29 ఏళ్లు, అతనికి 32. మొదటి పది రోజులు రోజూ మాట్లాడుకున్నాం. నేను చదివే పుస్తకం, అతని మోకాలి నొప్పి, చిన్నప్పుడు కుక్క కరిచిన సంగతి, అన్నీ దొర్లాయి. కలుద్దామన్న మాట ముందు అతనే అన్నాడు. ఆ తర్వాత నుంచి ఉన్నాడో లేడో తెలియడం లేదు. నాలుగు రోజులు మౌనం, తర్వాత ఏమీ జరగనట్టు ఒక ఫొటో. నేను జవాబిస్తే రెండు రోజులు ఎంతో ఆప్యాయత, మళ్లీ మౌనం.

నా స్నేహితురాలు ఇది ఘోస్టింగ్, అంటే చెప్పాపెట్టకుండా మాయమైపోవడం, అంటోంది. ఘోస్ట్ చేసినవాడు తిరిగి రాడు కదా, ఇతను వస్తున్నాడే అని నా వాదన. అతని ఉద్దేశం ఏమై ఉంటుంది? "వదిలేయండి" అని ఒక్క మాటలో చెప్పకండి, అది నాకూ తెలుసు. ఎందుకు వదిలేయాలో, లేదా ఎందుకు వదలకూడదో చెప్పండి.

లెక్కలమాస్టారు · సోమవారం రాత్రి 10.48

దీనికి ఉద్దేశాలు వెతకనక్కరలేదు, లెక్క చాలు. మొదటి పది రోజుల్లో అతను సగటున ఎంతసేపటికి జవాబిచ్చేవాడు, ఇప్పుడు ఎంతసేపటికి ఇస్తున్నాడు? ఇరవై నాలుగు గంటలు దాటితే ఆసక్తి లేనట్టే. ఇష్టమైనవారికి జవాబివ్వడానికి ఎవరికైనా అర నిమిషం దొరుకుతుంది.

పాతకాపు · సోమవారం రాత్రి 11.05

అమ్మా, ముందు అతను మిమ్మల్ని బ్లాక్ చేశాడేమో చూసుకోండి. వాట్సాప్‌లో అయితే ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతుంది, చివరిసారి ఎప్పుడు చూశాడో కనిపించదు, ప్రొఫైల్ ఫొటో కూడా కనిపించకపోవచ్చు. ఫోను ఆపేసి ఉన్నా ఒక్క టిక్కే ఉంటుంది కాబట్టి దాన్ని మాత్రమే చూసి నిర్ణయించకూడదు. నీలం టిక్కులు రాలేదంటే చదవలేదని కూడా అనుకోకండి, వాటిని కనబడకుండా పెట్టుకోవచ్చు. నా మేనల్లుడు ఈ టిక్కుల గొడవతో నెల రోజులు నిద్ర పోలేదు.

నీలిగన్నేరు · సోమవారం రాత్రి 11.12

పాతకాపు గారూ, బ్లాక్ చేసినవారు నిన్న సాయంత్రం నా ఫొటోకు హృదయం గుర్తు పెట్టరు కదండీ! మేము ఇంకా యాప్‌లోనే మాట్లాడుకుంటున్నాం. చదువుతున్నాడనీ తెలుస్తోంది. చదివి ఏం చేస్తున్నాడన్నదే నా సందేహం.

తీరంరాయి · మంగళవారం ఉదయం 7.30

పదకొండేళ్లుగా సంబంధాల విషయంలో కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఇలాంటి చాట్‌లు నా ముందుకు చాలా వస్తాయి, సాధారణంగా అర్ధరాత్రి తీసిన స్క్రీన్‌షాట్ల రూపంలో. అందరూ అతను వాడిన మాటలు చూపించి "దీని అర్థమేమిటి?" అని అడుగుతారు. మాటలను కాసేపు పక్కన పెట్టమంటాను.

మీరు ఒక కాగితం తీసుకోండి. మ్యాచ్ అయిన రోజును ఒకటో రోజుగా లెక్కపెట్టి, ప్రతి మౌనం దగ్గర రెండే సంగతులు రాయండి. ఆ మౌనానికి సరిగ్గా ముందు మీరేం అన్నారు? ఆ మౌనాన్ని ఎవరు, దేనితో తెంచారు? జవాబుకు ఎన్ని గంటలు పట్టిందో రాయకండి. కొందరు సహజంగానే నెమ్మది. వారానికి రెండుసార్లే రాస్తూ, చెప్పిన రోజుకు చెప్పిన చోటికి వచ్చి నిలబడేవాళ్లను చూశాను. పొద్దున్నించి రాత్రి దాకా రాస్తూ ఒక్కసారీ కలవనివాళ్లనూ చూశాను. మాస్టారు గారి లెక్కలో మొదటివారు తప్పి, రెండోవారు నెగ్గుతారు.

లెక్కలమాస్టారు · మంగళవారం ఉదయం 8.02

అభ్యంతరం. వేగం మారడం అనేది సమాచారమే.

తీరంరాయి · మంగళవారం ఉదయం 8.15

మారడం సమాచారమే, ఒప్పుకుంటాను. మీరు పెట్టిన ఇరవై నాలుగు గంటల గీత మాత్రం కాదు. మొదటి వారపు వేడి అందరికీ తగ్గుతుంది. తగ్గాక ఏం మిగిలిందన్నది చూడాలి.

నీలిగన్నేరు · మంగళవారం మధ్యాహ్నం 1.40

భోజన విరామంలో కూర్చుని రాశాను. రాస్తుంటేనే కడుపులో తిప్పింది.

9వ రోజు: "మనం కలవాలి, ఇలా ఎంతకాలం" అన్నాడు. 10వ రోజు నేను శనివారం సాయంత్రం ఐదు గంటలకు అన్నాను. "చూసి చెబుతాను" అన్నాడు. మౌనం.

15వ రోజు: మేడ మీద నుంచి తీసిన చందమామ ఫొటో, "పని ఎక్కువైంది, ఏమనుకోకు" అన్న మాట. నేను ఏమీ అనుకోలేదు. మళ్లీ కబుర్లు.

19వ రోజు: ఆదివారం కుదురుతుందా అని నేను. "ఈ వారం కష్టం" అని అతను. మౌనం.

25వ రోజు: నలభై సెకన్ల వాయిస్ మెసేజ్. "నీతో మాట్లాడితే మనసు తేలికపడుతుంది." నిజం చెప్పాలంటే దాన్ని ఆరేడుసార్లు విన్నాను.

27వ రోజు: కలవడం కష్టమైతే పదిహేను నిమిషాలు వీడియో కాల్ చేద్దామా అన్నాను. చదివాడు. జవాబు లేదు.

36వ రోజు: నా ప్రొఫైల్ ఫొటోకు హృదయం. నేను పట్టించుకోలేదు. 38వ రోజు: "ఏమైపోయావు? మరిచిపోయావా నన్ను?"

అప్పటి నుంచి చిన్న చిన్న మాటలు, మొన్న మళ్లీ హృదయం. ఇవాళ 50వ రోజు.

ఇంకొకటి కూడా గమనించాను, నవ్వకండి. రెండో రోజుకే "నువ్వు"లోకి వచ్చేశాడు. నేను రోజూ సమయమూ చెప్పిన ప్రతిసారీ "మీరు"లోకి వెళ్లిపోయాడు. "ఈ వారం కష్టమండీ, మీరు ఏమీ అనుకోరు కదా" అన్నది అతని పూర్తి వాక్యం. తిరిగి వచ్చినప్పుడు మళ్లీ "నువ్వు".

నిఘంటుప్రియ · మంగళవారం మధ్యాహ్నం 2.05

నవ్వడం లేదు, మురిసిపోతున్నాను! ఇంగ్లీషులో చాట్ చేసేవాళ్లకు ఈ ఆనవాలు దొరకనే దొరకదు.

పేర్ల సంగతి కూడా తేల్చుకుందాం. ఘోస్టింగ్ అన్న మాటకు ఈ అర్థం మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువులో 2017లో చేరింది. మనకు అంతకన్నా పాత మాటే ఉంది: పొమ్మనలేక పొగబెట్టడం. కానీ మీ స్నేహితురాలు పొరబడింది. ఇతను మిమ్మల్ని పొమ్మనడం లేదు. వెళ్లబోతుంటే నాలుగు నూకలు చల్లి ఆపుతున్నాడు. బ్రెడ్‌క్రంబింగ్ అంటారు చూడండి, అది. నేనైతే నూకలు చల్లడం అనే అంటాను.

లెక్కలమాస్టారు · మంగళవారం మధ్యాహ్నం 2.31

నూకలు అన్నారు కాబట్టి పావురాల సంగతి చెప్పాలి. స్కినర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఫెర్‌స్టర్‌తో కలిసి 1957లో ఇలాంటి ప్రయోగాల ఫలితాలు ప్రచురించాడు. మీట పొడిచిన ప్రతిసారీ గింజ దొరికే పావురం, గింజలు ఆగిపోతే త్వరగానే పొడవడం మానేస్తుంది. ఎన్నిసార్లు పొడిస్తే గింజ వస్తుందో తెలియకుండా, ఒకసారి మూడు పోట్లకు, ఒకసారి ముప్ఫై పోట్లకు ఇస్తూ పోతే, గింజలు ఆగినా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. అతను మీ మీద సరిగ్గా ఈ ప్రయోగమే చేస్తున్నాడు. కావాలనే, లెక్క చూసుకుని.

తీరంరాయి · మంగళవారం సాయంత్రం 5.50

ప్రయోగం సరిగ్గా చెప్పారు, ముగింపు దగ్గర జారారు మాస్టారూ. ఆ ప్రయోగం పావురం గురించి చెబుతుంది. గింజ వేసే చేయి ఏమనుకుంటోందో చెప్పదు. నీలిగన్నేరు గారు ఆ వాయిస్ మెసేజ్‌ను ఆరేడుసార్లు ఎందుకు విన్నారో దాంతో అర్థమవుతుంది. రోజూ వచ్చే వాయిస్ మెసేజ్‌ను ఎవరూ ఆరుసార్లు వినరు. అతను మాత్రం లెక్క వేసుకుని కూర్చోనక్కరలేదు. తోచినప్పుడు పలకరించి తోచనప్పుడు ఊరుకునే మనిషి కూడా తెలియకుండా అదే వరస సృష్టిస్తాడు. కుట్రను ఊహించుకుంటే అతనికి లేని తెలివిని కూడా మనమే అంటగడతాం.

ఇక మీ కాగితం. మౌనాలు మూడు. మూడింటికీ ముందు ఉన్నది ఒకటే: మీరు రోజో, సమయమో, ముఖాముఖీయో అడగడం. మోకాలి నొప్పి గురించి అడిగితే మాయం కాలేదు. పుస్తకం గురించి అడిగితే కాలేదు. పని ఎక్కువైతే మౌనం ఎక్కడైనా రావాలి, కబుర్ల మధ్యలో కూడా. ఇక్కడ మాత్రం అది చోటు చూసుకుని వస్తోంది.

తిరిగి వచ్చినప్పుడు తెచ్చినవి చూడండి. చందమామ, గొంతు, హృదయం. మీరు అడిగిన ప్రశ్నకు వీటిలో ఒక్కటీ జవాబు కాదు. పైగా రానురానూ చవకబడుతున్నాయి. ఫొటో తీసి రెండు వాక్యాలు రాసినవాడు, నెల తిరగ్గానే వేలితో ఒక్క తాకుడు దగ్గర ఆగాడు. ఆ హృదయానికి మీరు పలకనప్పుడే, రెండు రోజుల్లో పూర్తి వాక్యం వచ్చింది. మీరు దగ్గరికి జరిగితే దూరం, మీరు దూరమైతే దగ్గర.

దీన్నిబట్టి నేను చెప్పగలిగింది ఇంతే: తలుపు మూసుకోకుండా ఉండాలని అతనికి ఉంది, లోపలికి వచ్చే ఉద్దేశం మాత్రం ఈ ఏడు వారాల్లో కనబడలేదు. ఎందుకు అన్నది చాట్‌లో లేదు. ఇంకెవరో ఉండవచ్చు, ప్రొఫైల్‌లో చెప్పినదాంట్లో అబద్ధం ఉండవచ్చు, కలిస్తే నచ్చనేమోనన్న భయం ఉండవచ్చు. మూడు సందర్భాలంటే పెద్ద ఆధారమేమీ కాదని కూడా గుర్తుంచుకోండి.

అర్ధరాత్రిరైలు · మంగళవారం రాత్రి 11.36

ఇది రాయాలా వద్దా అని మూడుసార్లు చెరిపేశాను. నేను అతని లాంటివాణ్నే, రెండేళ్ల కిందటి వరకు.

నాలుగేళ్ల సంబంధం తెగిపోయిన కొత్తలో యాప్‌లో చేరాను. ఒకేసారి ముగ్గురితో మాట్లాడేవాణ్ని. ముగ్గురూ మంచివాళ్లు. సాయంత్రం ఇంటికి వస్తే ఖాళీ గోడలు, ఫోనులో మాత్రం ఎవరో ఒకరు నాకోసం ఎదురుచూస్తున్నారన్న ఊహ. ఆ ఊహ చాలు నాకు. కలుద్దామని నేనే అనేవాణ్ని, అన్న క్షణంలో నిజంగానే అనేవాణ్ని. ఆమె "శనివారం ఐదుకి" అనగానే గొంతు పట్టేసేది. కలిస్తే ఏదో ఒకటి తేలుతుంది. తేలడమే నాకు వద్దు.

"కుదరదు" అని చెబితే ఆమె వెళ్లిపోతుంది, "సరే" అంటే వెళ్లాలి. అందుకే ఏమీ చెప్పేవాణ్ని కాదు. నాలుగైదు రోజులయ్యాక ఆమె కూడా రాయడం లేదని గమనించినప్పుడు కంగారు పుట్టేది. అప్పుడొక ఫొటో. ఆమె మీద బెంగతో కాదు, ఇంకా ఉందో లేదో చూసుకోవడానికి. ఆమె జవాబివ్వగానే ఆ కంగారు తీరిపోయేది, దాంతో పాటు మాట్లాడాలన్న కోరికా తీరిపోయేది.

నేను ఎవరినీ ఏడిపించాలనుకోలేదు. ఒకామె చివర్లో చాలా పెద్ద ఉత్తరం రాసింది. చదివాను. దానికీ జవాబివ్వలేదు.

నిఘంటుప్రియ · బుధవారం ఉదయం 6.55

గోడ మీద పిల్లి వాంగ్మూలం ఇవ్వడం ఇదే మొదటిసారి వింటున్నాను. ఎకసెక్కం కాదు, ధైర్యంగా రాశారు.

వానకోయిల · బుధవారం ఉదయం 9.10

అందరూ ఒక పక్కకే ఒరుగుతున్నారు. నా సంగతి వినండి. నాతో మాట్లాడుతున్నతను, కలవాల్సిన రోజుకు ముందు రాత్రి మాయమయ్యాడు. తొమ్మిది రోజులు. నేను ఇలాగే కాగితం మీద రాసి ఉంటే అతనూ నూకలు చల్లేవాడే అయ్యేవాడు. తీరా చూస్తే వాళ్ల అమ్మగారు ఆసుపత్రిలో ఉన్నారు. ఇప్పుడు మేమిద్దరం కలిసి మూడేళ్లు. మనుషులకు కష్టాలు ఉంటాయి. కొందరికి దిగులు కమ్మితే ఫోను తాకడమే బరువవుతుంది, నాకూ అలాంటి నెలలు గడిచాయి.

తీరంరాయి · బుధవారం ఉదయం 9.42

ఒక్కటి అడుగుతాను వానకోయిల గారూ. పదో రోజున ఆయన రాసిన మొదటి మెసేజ్‌లో ఏముంది?

వానకోయిల · బుధవారం ఉదయం 10.03

క్షమించమని, అమ్మగారి సంగతి, బుధవారం కానీ గురువారం కానీ కలవగలనని.

...మీరు ఎందుకు అడిగారో అర్థమైంది. కానీ దిగులుతో ఉన్నవాళ్లు తిరిగి వచ్చినప్పుడు అంత చక్కగా రోజులు చెప్పగలరని నేను ఒప్పుకోను. నేనైతే చెప్పలేకపోయాను.

తీరంరాయి · బుధవారం ఉదయం 10.20

న్యాయమైన మాట. దిగులులో ఉన్నవారికీ, తప్పించుకుంటున్నవారికీ చాట్ ఒకేలా కనిపించవచ్చు. బయటి నుంచి విడదీయలేను. నాకు తెలిసినంతలో ఎక్కువసార్లు తేడా పట్టిచ్చేది ఎదురు ప్రతిపాదన. నిజంగా తీరిక లేనివాడు "శనివారం కుదరదు" దగ్గర ఆగడు, "మంగళవారం అయితే?" అంటాడు. నీలిగన్నేరు గారి ఏడు వారాల్లో అలాంటి వాక్యం ఒక్కటీ లేదు.

కాపలా · బుధవారం మధ్యాహ్నం 12.15

వీడియో కాల్ అనగానే మాయమయ్యాడంటే ప్రొఫైల్ నకిలీది కావచ్చు. త్వరలో డబ్బు అడుగుతాడు. జాగ్రత్త.

నీలిగన్నేరు · బుధవారం మధ్యాహ్నం 12.50

డబ్బు ప్రస్తావన రాలేదు. యాప్ నుంచి బయటికి రమ్మనీ అడగలేదు. మోసగాడైతే ఇంత బద్ధకంగా ఉంటాడా?

కాపలా · బుధవారం మధ్యాహ్నం 1.04

అదీ నిజమే. నేను చూసిన మోసగాళ్లు పొద్దున్నే పలకరించడం ఒక్కరోజు కూడా మానలేదు. అయినా ముఖం చూడకుండా ఏదీ పంపకండి.

నీలిగన్నేరు · బుధవారం సాయంత్రం 6.30

ఒక్క మెసేజ్ పంపి తేల్చుకుందామనుకుంటున్నాను. "మీ ఉద్దేశం ఏమిటి, నాతో ఎందుకిలా ఆడుకుంటున్నారు?" అని సూటిగా అడిగితే?

అర్ధరాత్రిరైలు · బుధవారం సాయంత్రం 6.52

అలా అడక్కండి. నన్ను అడిగినప్పుడు చాలా అందమైన జవాబులిచ్చాను. "నువ్వంటే గౌరవం, మనసు బాగాలేదు, కొంచెం సమయం కావాలి." అవన్నీ నిజాలే, ఒక్కటీ పనికిరాదు. ఉద్దేశం అడిగితే నాకు మాట్లాడే అవకాశం దొరికేది. రోజు అడిగితే దొరికేది కాదు.

తీరంరాయి · బుధవారం సాయంత్రం 7.20

ఆయన చెప్పింది నిజం. రెండు రోజులు ఇవ్వండి, మూడోది అతనే చెప్పుకునే వీలు ఇవ్వండి, ఎప్పటిలోగా తేలాలో చెప్పండి. నిందలు వద్దు. ఇలా:

"శనివారం సాయంత్రం ఐదుకు గానీ ఆదివారం ఉదయం పదకొండుకు గానీ కలవగలను. రెండూ వీలుకాకపోతే మీకు కుదిరే రోజు చెప్పండి. శుక్రవారం రాత్రిలోగా తేలకపోతే ఈ మాటలు ఇక్కడితో ఆపేద్దాం."

వానకోయిల · బుధవారం సాయంత్రం 7.41

ఇది నోటీసు పంపినట్టుంది. ఏడు వారాలు కబుర్లు చెప్పుకున్న మనిషికి గడువు పెడతారా? నాకు ఎవరైనా ఇలా రాస్తే వచ్చేదాన్ని కూడా మానేస్తాను.

లెక్కలమాస్టారు · బుధవారం సాయంత్రం 7.58

గడువు అతని కోసం కాదేమో. ఆమె ఎన్నాళ్లు మీట పొడవాలో ఆమెకే తెలియడానికి.

(ఈసారి పావురం సంగతి సరిగ్గా చెప్పానా తీరంరాయి గారూ?)

తీరంరాయి · బుధవారం రాత్రి 8.10

చెప్పారు.

నీలిగన్నేరు · గురువారం రాత్రి 9.15

చివరి వాక్యం కొంచెం మెత్తబరిచి పంపాను. నలభై నిమిషాల్లో జవాబు వచ్చింది, ఈ ఏడు వారాల్లో ఇంత త్వరగా ఎప్పుడూ రాలేదు. ఉన్నది ఉన్నట్టు:

"అయ్యో, కోపం వచ్చిందా? మిమ్మల్ని తప్పకుండా కలుస్తాను. వచ్చే నెల ప్రయాణాలు అయిపోగానే. నువ్వు నాకు చాలా ముఖ్యం."

ఒకే మెసేజ్‌లో "మిమ్మల్ని", "నువ్వు" రెండూ.

వానకోయిల · గురువారం రాత్రి 9.28

వచ్చే నెల అన్నాడుగా! అది సగం ఎదురు ప్రతిపాదన. తారీఖు అడగండి.

అర్ధరాత్రిరైలు · గురువారం రాత్రి 9.33

వచ్చే నెల అన్న మాట నేను ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు.

నీలిగన్నేరు · గురువారం రాత్రి 9.50

అడిగాను: "వచ్చే నెల ఏ తారీఖు?" చదివాడు.

నీలిగన్నేరు · ఆదివారం రాత్రి 10.05

శుక్రవారం గడిచింది, శనివారం గడిచింది. అన్‌మ్యాచ్ చేయడానికి వేలు వెళ్లింది కానీ చేయలేదు, ఎందుకో అడగకండి. యాప్ నోటిఫికేషన్లు మాత్రం ఆపాను.

ఇప్పుడే తెరిచి చూస్తే ఒక ఫొటో ఉంది. మేడ మీద నుంచి చందమామ. వెనక్కి జరిపి 15వ రోజు ఫొటోతో పోల్చాను. అదే తీగ, ఆ తీగ మీద అదే గాలిపటం ముక్క. ఫొటో అదే.

వానకోయిల · ఆదివారం రాత్రి 10.19

పంపిన సంగతి మరచిపోయి ఉంటాడు.

అర్ధరాత్రిరైలు · ఆదివారం రాత్రి 10.24

ఎవరికి పంపాడో మరచిపోయి ఉంటాడు.